పదేళ్ళ పాప పోరంకి నుంచి పటమటకు ఒంటరిగా బస్సులో ట్యూషన్‌కు వెళ్ళాలంటే ఎలా నేర్పాలి?

పోరంకి గృహిణి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదేళ్ళు నిండాయి, అయిదో తరగతి చదువుతున్నది. విజయవాడ పటమటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తమ ఇంట్లోనే లెక్కలు చెబుతున్నారు. వారానికి నాలుగు రోజులు సాయంత్రం అయిదింటి నుంచి ఆరుంబావు వరకు తరగతి ఉంటుంది. ఇంతవరకు మా మామగారు స్కూటరుపై తీసుకువెళ్ళి తీసుకువచ్చేవారు, కానీ ఆయనకు కంటి శస్త్రచికిత్స జరిగినందున ఇకమీదట బండి నడపవద్దని వైద్యులు చెప్పారు. మా వారు ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో పనిచేస్తారు, మామూలుగా ఆరింటికి పని ముగుస్తుంది కానీ వారంలో ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. నేను ఇంటి దగ్గరే ఉంటాను, అయితే రెండేళ్ళ బాబును వదిలి రోజూ పటమట దాకా వెళ్ళి రావడం కుదరదు.

బందరు రోడ్డు మీద బస్సులకు కొదవ లేదు. మా ఇల్లు బెంజి సర్కిల్ వైపు వెళ్ళేటప్పుడు రోడ్డుకు ఎడమ పక్కన ఉన్నది, ట్యూషన్ ఇల్లు కూడా అదే పక్కన, స్టాపు నుంచి సందులోకి రెండు నిమిషాల నడక దూరంలో ఉన్నది. పాపకు బస్సు ఎక్కడం తెలుసు కానీ ఎప్పుడూ మాతోనే ఎక్కింది. ఒంటరిగా పంపవచ్చునా, పంపేటట్లయితే ఏ వరుసలో అలవాటు చేయాలి అన్నది నా ప్రశ్న.

బ్రాడీపేట నాన్న

అమ్మా, అయిదో తరగతి పిల్లకు అంత దూరం ట్యూషన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. మాది గుంటూరు. మా అబ్బాయికి వీధి చివర ఒక మాస్టారు దొరికారు, నడిచి వెళ్ళి వస్తాడు, బస్సు గొడవే లేదు. పోరంకిలో లెక్కలు చెప్పేవారే లేరా? ముందు అది విచారించండి.

పోరంకి గృహిణి

విచారించాము అండి. పాపకు ఆ టీచరు గారి దగ్గరే భయం పోయి లెక్కలు వస్తున్నాయి, కనుక మార్చే ఉద్దేశం లేదు. ప్రయాణం గురించి మాత్రమే అడుగుతున్నాను.

విశ్రాంత కండక్టర్

నేను విజయవాడ సిటీ బస్సులలో చాలా కాలం కండక్టరుగా పనిచేసినవాడిని. ఒంటరిగా వచ్చే పిల్లలు ఎక్కడ తడబడతారో దగ్గరగా చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా బస్సును పక్కన పెట్టి రోడ్డు సంగతి చూడండి. మన రోడ్లపై ఎడమ పక్క బస్సు ఎక్కి ఎడమ పక్కనే దిగుతాము. మీ ఇల్లు, ట్యూషన్ ఒకే పక్కన ఉన్నాయి కాబట్టి వెళ్ళేటప్పుడు పాప ఎక్కడా రోడ్డు దాటనక్కరలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పటమటలో ఒకసారి దాటి బస్సు ఎక్కాలి, పోరంకిలో దిగి మళ్ళీ ఒకసారి దాటి ఇల్లు చేరాలి. రానూ పోనూ ప్రయాణంలో రెండుసార్లు దాటడం ఎవరికైనా తప్పదు. ఇల్లూ ట్యూషనూ ఎదురెదురు పక్కల ఉంటే పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి పడతాయి. మీకు రెండూ తిరుగు ప్రయాణంలోనే, అదీ చీకటి పడే వేళకే పడ్డాయి. అందుచేత ఇది ఒక ప్రయాణం కాదు, వేరు వేరు కష్టం గల రెండు ప్రయాణాలు అనుకొని, వెళ్ళడం ముందు నేర్పండి, రావడం సంగతి ఆ తరువాత చూడవచ్చు.

బందరు రోడ్డు వంటి వెడల్పైన రోడ్డును పదేళ్ళ పిల్ల ఒంటరిగా దాటడాన్ని నేను ఒప్పుకోను. ఆ వయసు పిల్లలు వచ్చే బండి ఎంత దూరంలో ఉన్నదో చూస్తారు కానీ ఎంత వేగంతో వస్తున్నదో సరిగా అంచనా కట్టలేరు. దూరంగా ఉన్న కారు వేగంగా వస్తున్నా, దగ్గరలో ఉన్న ఆటో మెల్లగా వస్తున్నా, వారికి ఆటోయే ప్రమాదంగా కనిపిస్తుంది. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు, వయసుతో వచ్చే చూపు. కాబట్టి ఆ రెండు చోట్లా పెద్దవారు ఒకరు ఉండేటట్లు ఏర్పాటు చేసుకొని, బస్సు లోపలి ప్రయాణం మాత్రం పాపకు వదిలిపెట్టండి.

సాంకేతిక మిత్రుడు

ఇంత ఆలోచన అవసరం లేదని నా అభిప్రాయం. ఇప్పుడు సిమ్ కార్డు వేసుకొనే జీపీఎస్ వాచీలు దొరుకుతున్నాయి. పాప చేతికి పెడితే ఎక్కడ ఉన్నదో మీ ఫోనులో క్షణక్షణం కనిపిస్తుంది. స్టాపు దాటిపోతే మీరే ఫోను చేసి దిగమని చెప్పవచ్చు. ఇంకొక మాట, స్త్రీ శక్తి పథకం వచ్చాక ఆడపిల్లలకు టికెట్టుతో పనిలేదు కాబట్టి డబ్బు, చిల్లర అనే బెడద కూడా తీరిపోయింది. ఎక్కి కూర్చోవడమే.

విశ్రాంత కండక్టర్

మిత్రమా, వాచీ ఉంటే మంచిదే, వద్దనను. కానీ అది పాప ఎక్కడ ఉన్నదో తల్లికి చెబుతుంది, తాను ఎక్కడ ఉన్నానో పాపకు చెప్పదు. నిండిన బస్సులో చుట్టూ జనం ఉన్నప్పుడు చేతి గడియారంలో మాట వినబడదు. బ్యాటరీ అయిపోయిన రోజున పాప చేతిలో ఏ విద్యా ఉండదు.

టికెట్టు సంగతి మీరు సగమే చెప్పారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో బాలికలకు, మహిళలకు ప్రయాణం ఉచితమైన మాట నిజమే, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తిస్తుంది. అయితే ఊరికే కూర్చుంటే సరిపోదు, గుర్తింపు కార్డు చూపించి సున్నా రూపాయల టికెట్టు తీసుకోవాలి. తనిఖీ అధికారి ఎక్కినప్పుడు అడిగేది ఆ కాగితాన్నే. పాప ఆధార్ కార్డును పుస్తకాల మధ్య కాకుండా సంచి లోపలి జిప్పు అరలో పెట్టండి, దానితో పాటు అరటికెట్టుకు సరిపోయే చిల్లర కూడా ఉంచండి. కార్డు ఇంట్లో మరచిన రోజున చిల్లర ఇచ్చి టికెట్టు తీసుకుంటుంది, కండక్టరుతో వాదన ఉండదు. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అరటికెట్టే కదా.

కానూరు ఉపాధ్యాయిని

కండక్టరు గారు చెప్పిన దానికి ఒక విషయం చేర్చాలని ఉన్నది. ఆంగ్ల మాధ్యమంలో చదివే మన పిల్లలలో చాలామందికి తెలుగు చదవడం వచ్చును కానీ వేగం ఉండదు. బస్సు ముందు బోర్డు తెలుగులో ఉంటుంది, పైగా కదులుతూ వస్తుంది. పిల్ల అక్షరాలు కూడబలుక్కొనేలోగా బస్సు వచ్చి వెళ్ళిపోతుంది. నా దగ్గర చదివే ఒక బాబు ప్రతిరోజూ బస్సు రంగును చూసి ఎక్కేవాడు, ఒకరోజు అదే రంగు బస్సు వేరే చోటికి తీసుకుపోయింది.

మీ దారిలో చూడవలసిన పేర్లు ఎక్కువేమీ లేవు. పోరంకి నుంచి నగరం వైపు వెళ్ళే సిటీ బస్సు ఏదైనా పటమట మీదుగానే పోతుంది కనుక వెళ్ళేటప్పుడు చిక్కు తక్కువ. బందరు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ మాత్రం అన్ని స్టాపులలో ఆగదు, దానిని వదిలేయమని చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడే బోర్డు చదవాలి. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు అని ఉన్నవి పోరంకి మీదుగా వస్తాయి. ఆటోనగర్ అని ఉన్నది అక్కడే ఆగిపోతుంది, మీ దాకా రాదు. ఈ నాలుగు పేర్లను బోర్డు అంత అక్షరాలతో అట్టల మీద రాసి, గదికి ఆ చివర నుంచి ఒక్క క్షణం చూపించి దాచండి. చూడగానే చెప్పగలిగితే చాలు. మనసులో అక్షరం అక్షరం కూడుతున్నదంటే ఇంకా కొన్నాళ్ళు ఆగండి.

పోరంకి గృహిణి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రోడ్డు దాటే విషయం ఈ విధంగా ఆలోచించలేదు. టీచరు గారిని అడిగాను, వారి ఇంట్లో సహాయంగా ఉండే ఆవిడ ఆరున్నరకు ఇంటికి వెళ్ళేటప్పుడు పాపను దాటించి బస్సు ఎక్కిస్తానన్నది. పోరంకిలో అవతలి పక్క స్టాపు దగ్గర బాబును ఎత్తుకొని నేను నిలబడగలను. మా వారికి వీలైన రోజున ఆయనే పటమట వచ్చి తీసుకువస్తారు. ఇక బస్సు లోపల ఏమి నేర్పాలో, ఎలా అలవాటు చేయాలో చెప్పండి. నేను పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాడిగడప, కానూరు, ఆటోనగర్ అంటూ గుర్తులు చూపిస్తున్నాను.

విశ్రాంత కండక్టర్

గుర్తులు చూపించడం మంచిదే కానీ కూర్చోబెట్టి చూపిస్తున్నారు, అక్కడే ఇబ్బంది వస్తుంది. సాయంత్రం అయిదింటికి ముందు ఆ దారిలో సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. పదేళ్ళ పిల్ల నిలబడితే పెద్దవారి మోచేతుల ఎత్తులో ఉంటుంది, కిటికీలోంచి ఆమెకు ఏమీ కనబడదు. కూర్చొని నేర్చుకొన్న గుర్తులు నిలబడిన రోజున పనికి రావు. పైగా బందరు రోడ్డు నేరుగా పోతుంది, మలుపును బట్టి తెలుసుకొందామన్నా మలుపు లేదు.

కాబట్టి నిలబెట్టి నేర్పండి. రద్దీ వేళ బస్సులోనే తీసుకువెళ్ళి, ముందు తలుపుకు దగ్గరగా, ఆడవారి సీట్ల పక్కన కడ్డీ పట్టుకొని నిలబడే చోటు చూపించండి. చూపుతో కాక చెవితో, కదలికతో గుర్తు పట్టేవి చెప్పండి. ఆటోనగర్ దగ్గర ఒక్కసారిగా చాలామంది దిగుతారు, బస్సు కొంచెం ఖాళీ అవుతుంది. అదే పాపకు గంట కొట్టినట్లు. జనం దిగగానే తలుపు వైపు రెండడుగులు జరిగి, పక్కనున్న పెద్దావిడను 'పటమట వస్తున్నదా అమ్మమ్మా' అని అడగాలి. దిగవలసిన చోటు వచ్చాక సీటులోంచి లేస్తే ఆలస్యమవుతుంది, కండక్టరు 'రైట్' అనేస్తాడు. బస్సు పూర్తిగా ఆగకముందు మెట్టు మీద కాలు పెట్టకూడదు. దిగలేకపోతే సిగ్గుపడకుండా 'హోల్డాన్, దిగాలి' అని గట్టిగా అరవాలి. ఈ మాటను ఇంట్లో పదిసార్లు అరిపించండి, ఆడపిల్లలు గొంతులోనే మింగేస్తారు.

ఎక్కగానే పటమటలో దింపమని కండక్టరుకు చెప్పమనండి, అయితే ఆయన మీద భారం వేయవద్దు. డెబ్బై మందికి టికెట్లు కొడుతున్నవాడికి ఒక పిల్ల గుర్తుండటం కష్టం, నా అనుభవంతోనే చెబుతున్నాను.

అలవాటు చేసే వరుస ఇది. మొదట పాప ముందు నడవాలి, మీరు వెనుక నడవాలి. ఏ బస్సు, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు లేవాలి అన్నీ ఆమెయే చెప్పాలి. మీరు నోరు మెదపకూడదు. పాప పొరబడి పటమట దాటించినా సరే, మీరు కూడా కూర్చొని దాటిపొండి. ఆ తరువాత ఏమి చేయాలో నేర్చుకోవడానికి మీరు పక్కన ఉండగా అంతకంటే మంచి సందర్భం దొరకదు. తరువాతి దశలో ఇద్దరూ ఒకే బస్సు ఎక్కి, మీరు వెనుక భాగంలో ఉండండి, పాప మీ ముఖం చూడకూడదు. ఆ పైన ఇక్కడ ఒకరు ఎక్కించి, పటమటలో ఒకరు కనిపించకుండా నిలబడి చూడండి. ప్రతి దశలోనూ వరుసగా మూడుసార్లు ఏ సూచనా లేకుండా వెళ్ళగలిగితేనే తరువాతి దశకు పొండి. మధ్యలో ఒకసారి తడబడితే లెక్క మొదటి నుంచి పెట్టండి.

పటమట నివాసి

ఇద్దరు ఆడపిల్లల తల్లిగా ఎవరూ ఎత్తని విషయం చెబుతున్నాను. ఉచిత ప్రయాణం వచ్చాక ముందు భాగంలో ఆడవారే ఎక్కువగా ఉంటున్నారు, అది కొంత మేలు. అయినా రద్దీలో చేతులు తగులుతాయి, వాటిలో అన్నీ పొరపాటున తగిలేవి కావు. పాపకు స్పష్టంగా చెప్పాలి. ఒకసారి తగిలితే జరగాలి. జరిగినా మళ్ళీ తగిలితే అది పొరపాటు కాదు, గట్టిగా 'చెయ్యి తియ్యండి' అని అని, పక్కనున్న ఆడవారి దగ్గరకు పోవాలి. ఎదుటివాడు పెద్దవాడని, తాతగారి వయసువాడని మర్యాద చూడనక్కరలేదు. మన ఇళ్ళలో పెద్దవారికి ఎదురు చెప్పవద్దని నేర్పుతాము కదా, బస్సులో ఆ నియమం లేదని మన నోటితోనే చెప్పకపోతే పిల్ల నోరు తెరవదు. ఇంటికి వచ్చి చెప్పినప్పుడు 'రేపటి నుంచి వెళ్ళవద్దులే' అన్నారంటే మరొకసారి మీకు చెప్పదు.

ఇంకొకటి, షేర్ ఆటోలు. బస్సు ఆలస్యమైన రోజున 'రామ్మా, పటమటేగా' అని పిలుస్తారు. తెలిసిన ఆటో అయినా సరే, నాన్నగారు పంపారన్నా సరే, ఎక్కకూడదు. మేము మా పిల్లలతో ఒక రహస్య పదం అనుకొన్నాము. ఎవరైనా మేము పంపామని చెబితే ఆ పదం అడగాలి, చెప్పలేకపోతే కదలకూడదు.

సాంకేతిక మిత్రుడు

టికెట్టు విషయం సరిచేసినందుకు ధన్యవాదాలు. కానీ ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా స్టాపు దాటిపోతే పాప చేతిలో ఫోను లేకుండా ఏమి చేస్తుంది? నా వాదన అదే.

విశ్రాంత కండక్టర్

మామూలు బటన్ల ఫోను ఒకటి సంచిలో ఉంచండి, దానికి అభ్యంతరం లేదు. తల్లిదండ్రుల నంబర్లు మాత్రం పాపకు కంఠతా రావాలి, జామెట్రీ పెట్టె మూతకు లోపల కూడా రాసి అంటించాలి. పిల్లల సహాయ నంబరు 1098, అత్యవసర నంబరు 112 కూడా అందులోనే ఉండాలి.

స్టాపు దాటిపోతే అనే ప్రశ్నకు నా సమాధానం, పాప ఎక్కడపడితే అక్కడ దిగకూడదు. తరువాతి స్టాపు ఎన్టీఆర్ సర్కిల్ దగ్గర, ఆ తరువాత బెంజి సర్కిల్. బెంజి సర్కిల్ దగ్గర వంతెన కింద నాలుగు వైపుల నుంచి బండ్లు వస్తాయి, అక్కడ పిల్ల ఒంటరిగా దిగి అటూ ఇటూ తిరగడం మంచిది కాదు. బస్సులోనే ఉండి, కండక్టరుకు చెప్పి, చివరి దాకా పోయి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో విచారణ కౌంటరు దగ్గర నిలబడితే అక్కడి నుంచి ఫోను చేయిస్తారు. మీరు వెళ్ళి తీసుకువస్తారు.

కానూరు ఉపాధ్యాయిని

కండక్టరు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ దారిలో పోయే ప్రతి బస్సూ బస్ స్టేషన్‌కే పోదు, కొన్ని కాళేశ్వరరావు మార్కెట్ వైపు పోతాయి. పిల్ల 'చివరి దాకా' అనే మాట పట్టుకొని కూర్చొంటే తెలియని చోట తేలుతుంది, తల్లి గంటసేపు వెతుక్కొంటుంది. నేనైతే వెంటనే తరువాతి స్టాపులో దిగి, రోడ్డు దాటకుండా, స్టాపు పక్కనే ఉన్న మందుల దుకాణంలోకి పోయి ఫోను చేయమని చెబుతాను. ఆ దుకాణాన్ని ముందే చూపించి, యజమానికి పాపను పరిచయం చేయాలి. ట్యూషన్ ఇల్లు కూడా రోడ్డుకు అదే పక్కన ఉన్నది కాబట్టి టీచరు గారింటి నుంచి ఎవరైనా నడిచి వచ్చి తీసుకుపోగలరు.

విశ్రాంత కండక్టర్

బస్సులు అన్నీ బస్ స్టేషన్‌కు పోవన్నది నిజమే, ఒప్పుకొంటాను. మందుల దుకాణం మూసి ఉన్న రోజున ఏమి చేస్తుందన్నది నా సందేహం. తెలిసిన బస్సు తెలియని వీధి కంటే మేలని నేను ఇప్పటికీ అంటాను. ఏది అనుకొన్నా ఒకటే అనుకోండి, పాపకు రెండు దారులు చెబితే రెంటి మధ్య నిలబడిపోతుంది.

బ్రాడీపేట నాన్న

నేను మొదట వేరే విధంగా అర్థం చేసుకొన్నాను. ఇవన్నీ చదివాక ఒక ప్రశ్న. ఆరున్నరకు తిరుగు ప్రయాణం అంటున్నారు, డిసెంబరులో ఆరింటికే చీకటి పడిపోతుంది కదా. మా వాడు నడిచే వీధిలోనే నేను ఆ నెలల్లో ఎదురు వెళ్తాను. చలికాలంలో కూడా తిరుగు ప్రయాణం ఒంటరిగానేనా?

పోరంకి గృహిణి

లేదు అండి. ఈ చర్చ చదివి మా వారితో మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాము. ప్రస్తుతానికి వెళ్ళడం మాత్రమే నేర్పుతాము. తిరుగు ప్రయాణంలో మా వారు ఉంటారు, ఆయనకు ఆలస్యమయ్యే రోజు ముందే తెలిస్తే పాపను ఆ రోజు పంపము. సంక్రాంతి దాటి పగలు పెరిగాక, టీచరు గారింటి ఆవిడ ఎక్కించగా, నేను పోరంకిలో అవతలి పక్కన నిలబడగా బస్సు వరకు మాత్రమే ఒంటరిగా రానిస్తాము. గట్టి వాన పడిన రోజున, దసరాకు దుర్గమ్మ కొండ దగ్గరి రద్దీ వల్ల బస్సుల వేళలు తప్పే రోజులలో సెలవు పెట్టిస్తాము.

స్టాపు దాటితే ఏమి చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మా వారు కండక్టరు గారి మాటే సరి అంటున్నారు, నాకు ఉపాధ్యాయిని గారి మాట నచ్చింది. ఆదివారం పొద్దున్న రద్దీ లేని వేళ పాపతో ఎన్టీఆర్ సర్కిల్ స్టాపులో దిగి, అక్కడ ఏయే దుకాణాలు ఉన్నాయో, ఏవి సాయంత్రం కచ్చితంగా తెరిచి ఉంటాయో చూసి వస్తాను.

పటమట నివాసి

ఆదివారం చూస్తే ఉపయోగం లేదు అమ్మా, ఆ రోజు సగం దుకాణాలు మూసి ఉంటాయి. ట్యూషన్ ఉన్న రోజున, అదే వేళకు వెళ్ళి చూడండి.